చికిత్సకు సాయం అడిగిన పోస్టు: షేర్లు వస్తున్నాయి, డబ్బు రావడం లేదు

ఊహించిన కేసు ఒకటి తీసుకుందాం. ఖమ్మం వైపు ఆటో నడుపుకునే వ్యక్తికి ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడు. తమ్ముడు వాట్సాప్ గ్రూపుల్లో ఇలా పెట్టాడు: "మా అన్న చావుబతుకుల్లో ఉన్నాడు. 20 లక్షలు కావాలి. ఈ రాత్రి దాటితే కష్టం. మీ ఒక్క షేర్ ప్రాణం కాపాడుతుంది."

సమస్య: అందరూ షేర్ చేస్తున్నారు, ఎవరూ పంపడం లేదు

షేర్ అడిగాడు, షేర్లే వచ్చాయి. ఇద్దామనుకున్న మనిషికి ఏ ఆసుపత్రో, ఏం చికిత్సో, ఇంకెంత తక్కువ పడిందో తెలియలేదు. పైగా 20 లక్షలు అనేసరికి "నా ఐదొందలు ఏ మూలకు?" అనిపిస్తుంది. విచారిస్తే ఆ 20 లక్షలు ఎవరో బంధువు "అంతవుతుందేమో" అన్న మాట. ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ 6,50,000. ఇంట్లోవాళ్లు కట్టింది 2,30,000. బంధువులు సర్దుతున్నది లక్ష. మిగిలింది 3,20,000. అడగాల్సింది ఇదే.

ఇలా మార్చి రాయాలి: "పేషెంటు తమ్ముణ్ని, నా పేరు ఫలానా. అన్నకు 12న తలకు దెబ్బ తగిలింది, 13న ఫలానా ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టర్లు అంటున్నారు. ఎస్టిమేట్ ఆరున్నర లక్షలు, ఇంకా 3,20,000 కావాలి. బిల్లు పెరిగినా తగ్గినా ఇక్కడే చెప్తాను."

డాక్టర్ "చెప్పలేం" అంటే అదే రాయండి. "ఈ రాత్రి దాటితే కష్టం" అని పెట్టాక తెల్లారి మనిషి అలాగే ఉంటే, రెండో పోస్టును ఎవరూ నమ్మరు.

సమస్య: "ఇది నిజమేనా? ఆరోగ్యశ్రీ లేదా?" అని ఫోన్ల మీద ఫోన్లు

దీనికి కారణం రుజువు లేకపోవడం. చాలామంది రుజువు అనగానే గొట్టాలతో ఉన్న మనిషి ఫొటో పెట్టేస్తారు. అది ఎవరిదైనా కావచ్చు, అతనికీ ఇష్టం ఉండకపోవచ్చు. దాని బదులు లెటర్‌హెడ్ మీద తేదీతో ఉన్న ఎస్టిమేట్, అడ్వాన్సు రసీదు పెట్టండి. ఆధార్ నంబరు, చిరునామా కనబడకుండా చెరిపేయండి.

ఆరోగ్యశ్రీ ప్రశ్న వచ్చి తీరుతుంది, ముందే జవాబివ్వండి. తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెరిగిందని అందరికీ తెలుసు. కానీ అది నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో, జాబితాలో ఉన్న చికిత్సలకే. ఈ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేకపోతే ఆ ఒక్క వాక్యం చాలు. బిల్లులతో ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టబోతుంటే అదీ దాచకుండా రాయండి.

సమస్య: పంపబోతే వెళ్లడం లేదు

ముందు పేరు చూడండి. స్కాన్ చేస్తే తెరపై తమ్ముడి పేరు కాక ఇంకెవరి పేరో కనబడితే సగం మంది అక్కడే ఆగిపోతారు. ఖాతా వదినదైతే "ఫలానా పేరు కనబడుతుంది, ఆమె పేషెంటు భార్య" అని రాయండి. క్యూఆర్ బొమ్మ ఒక్కటే పెడితే, ఫార్వర్డ్ అయ్యే దారిలో ఎవరైనా తమది అతికించగలరు. కాబట్టి యూపీఐ ఐడీ, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అక్షరాల్లో కూడా ఉండాలి.

మొదట్లో బాగానే వచ్చి ఉన్నట్టుండి ఫెయిల్ అవుతుంటే, ఖాతాను అనుమానించాలి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలుంటాయి, జన్‌ధన్‌లోనూ కొన్ని అలాంటివే. వాటిలో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాది మొత్తం జమ లక్ష దాటకూడదు. విరాళాల వేగానికి ఆ గీత ఒక్క రోజులో దాటిపోతుంది. బ్రాంచిలో కేవైసీ పూర్తి చేయించండి. టైము లేకపోతే పూర్తి కేవైసీ ఉన్న ఇంటివాళ్ల ఖాతా ఇచ్చి, ఎందుకు మార్చారో అదే పోస్టులో చెప్పండి. పోస్టు పెట్టకముందే వేరే బ్యాంకు నుంచి ఒక్క రూపాయి వేయించి చూడటం మేలు. పంపేవాళ్లకూ మామూలుగా యూపీఐలో రోజుకు లక్షకు మించి వెళ్లదు. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లను నేరుగా ఆసుపత్రి ఖాతాకు వేయమనండి, ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు పేషెంటుకు ఇచ్చిన ఐపీ నంబరు రిమార్క్స్‌లో రాయమనండి. అది లేకపోతే బిల్లింగ్ కౌంటర్‌లో ఎవరి డబ్బో తేలదు.

నంబరు బయటపడ్డాక "50,000 పంపుతున్నాం, మీ పిన్ కొట్టండి" అనే ఫోన్లూ వస్తాయి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఫోన్ పెట్టేయండి.

సమస్య: అవసరం తీరినా పోస్టు తిరుగుతూనే ఉంది

తేదీ లేకపోవడమే కారణం. మొదటి లైన్లోనే తేదీ వేయండి. 3,20,000 అందిన రోజు పాత పోస్టు పైన "అందింది, ఇక పంపకండి" అని రాసి, అవే గ్రూపుల్లో మళ్లీ పెట్టండి. డిశ్చార్జ్ అయ్యాక ఎంత వచ్చింది, బిల్లు ఎంత అయింది, ఏమైనా మిగిలితే మందులకు ఉంచుకున్నారా, వేరే పేషెంటుకు ఇచ్చారా అన్నది రెండు లైన్లలో చెప్పి, ఫైనల్ బిల్లు ఫొటో జత చేయండి.