ఫోన్‌లో చదివే ఈబుక్‌కి A4 వద్దు

ఈబుక్ PDF కొన్నవాళ్లలో చాలామంది దాన్ని మెట్రోలోనో, వంటింట్లోనో ఫోన్‌లోనే తెరుస్తారు. A4 పేజీలో అక్షరాలు అక్కడ చీమతలల్లా కనిపిస్తాయి, లైను లైనుకీ జూమ్ చేసి పక్కకి జరుపుకోవాలి.

అందుకే రాయడం మొదలుపెట్టే ముందే వర్డ్‌లో Layout > Size > More Paper Sizes తెరిచి వెడల్పు 10.5, ఎత్తు 14.8 సెం.మీ. పెట్టండి. ఇది A6 సైజు. నాలుగువైపులా మార్జిన్ 1 సెం.మీ., అక్షరాలు మండలి ఫాంట్‌లో 14 పాయింట్లు. కూకట్‌పల్లిలో ఒక అక్క బాల్కనీ కూరగాయల గైడ్‌ని ఇలాగే మార్చింది. "కుండీ మట్టి కలపడం" అని ఒక శీర్షిక, కింద కొలతలు, ఒక ఫొటో, అంతే ఒక పేజీ. పని చేసుకుంటూ చదవడానికి అదే హాయి. PDF చేశాక వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని, చిన్న స్క్రీన్ ఉన్న ఫోన్‌లో ఒకసారి చూడండి. కవర్ మీద పేరు ఆ చాట్‌లోని చిన్న బొమ్మలోనే చదవగలిగితే చాలు, లేకపోతే పేరులో మాటలు తగ్గించండి.

ధర మాత్రం పేజీలు చూసి పెట్టకండి. A4లో 20 పేజీలున్నది ఇందులో 80 దాటొచ్చు, "80 పేజీలు" అని చెప్పి అమ్మితే కొన్నవాళ్లకి మోసంలా అనిపిస్తుంది. లోపల ఏ పనులు నేర్పుతున్నారో రాసి, దాన్నిబట్టి ధర పెట్టండి.

వెడల్పాటి పట్టికలుంటే ఈ సైజు పనికిరాదు, వాటిని విడిగా A4లో ఇవ్వాలి.