"పైసలు కొట్టిన" అన్న పార్టీకి జవాబు పెట్టే ముందు

మిర్యాలగూడ మిల్లు బియ్యం దించుకున్న జడ్చర్ల షాపాయన "పొద్దున్నే నెఫ్ట్ కొట్టిన సేటూ" అంటాడు. మన ఖాతాలో 48,600 కనిపించదు. వెంటనే "రాలేదు" అని మెసేజ్ పెట్టకండి.

– ముందు స్టేట్‌మెంట్ తీయండి. ఎస్సెమ్మెస్ ఒక్కోసారి రాదు. డబ్బు ఆయన కొడుకు ఖాతా నుంచి వచ్చి ఉంటే పేరుతో వెతికినా దొరకదు.

– స్క్రీన్‌షాట్ చాలదు, ఆ బదిలీకి గుర్తుగా బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబర్ టైపు చేసి పంపమనండి. నెఫ్ట్‌కు 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌కు 22, యూపీఐకి 12 అంకెలు. ఆయన 12 అంకెలు పంపాడంటే అది నెఫ్ట్ కానే కాదు, వెతకాల్సిన చోటే వేరు.

– టైమ్ అడగండి. నెఫ్ట్ అరగంటకో బ్యాచ్‌గా పోతుంది. బ్యాచ్ సెటిలయ్యాక రెండు గంటల్లో మన బ్యాంకు జమ చేయాలి, లేదా వాపస్ పంపాలి. పొద్దున కొట్టింది సాయంత్రానికీ రాలేదంటే, వాపస్ పడిందేమో ఆయన స్టేట్‌మెంట్‌లో చూడమనాలి.

– ఏ ఖాతాకు పంపాడో చివరి నాలుగు అంకెలు అడగండి. అసలు తిరకాసు ఇక్కడే: నెఫ్ట్ జమయ్యేది ఖాతా నంబర్ చూసి, పేరు చూసి కాదు. అంకె తప్పితే వేరేవాళ్లకు పోవచ్చు. అప్పుడు యూటీఆర్‌తో ఫిర్యాదు ఇవ్వాల్సింది ఆయనే, ఆయన బ్యాంకులోనే.

ఇవన్నీ చూశాక ఇలా రాయండి: "అన్నా, ఈ యూటీఆర్‌తో సాయంత్రం 5 వరకు మా ఖాతాలో జమ లేదు. వాపస్ వచ్చిందేమో చూసి చెప్పండి." "మీరు పంపలేదు" అన్న మాట మాత్రం వద్దు.