ఒకే మోడల్ ఫొటోలో ఐదు రంగుల కుర్తీ: లేత రంగులు ఎందుకు చెడిపోతాయి?

సమస్య ఇలా ఉంటుంది. మోడల్‌కు ఒక కుర్తీ వేసి ఫొటో తీశారు, మిగతా రంగులు కంప్యూటర్‌లో మార్చారు. నేవీ బ్లూ, బాటిల్ గ్రీన్ బాగానే వచ్చాయి. నిమ్మపండు రంగు మాత్రం దుమ్ము పట్టినట్టు కనిపిస్తోంది. క్రీమ్ కలర్‌లో గుడ్డ మడతలే లేవు.

ముందు ఒక్క పని చేయండి. ఫోన్‌లో, కంప్యూటర్‌లో నైట్ లైట్, కళ్లకు హాయినిచ్చే మోడ్ ఆపండి. అసలు కుర్తీని పగటి వెలుగులో స్క్రీన్ పక్కన పెట్టి చూడండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఇది చూడకుండానే గంటల తరబడి రంగులు సర్దుతూ కూర్చున్నారు. స్క్రీనే పసుపుగా ఉంటే మీరు సర్దిన ప్రతి రంగూ తప్పే. ఇది సరిచూశాక కూడా లేత రంగులే చెడుతున్నాయంటే, తప్పు ఎడిటింగ్‌లో కాదు, మొదట తీసిన ఫొటోలో ఉంది.

ఇది నాకు తెలిసింది విజయనగరం గంటస్తంభం దగ్గరి ఒక షాపు పని చేస్తున్నప్పుడు. ప్లెయిన్ కాటన్ కుర్తీ, ఐదు రంగులు. ఎక్కువ అమ్ముడయ్యేది మెరూన్ కాబట్టి దాన్నే మోడల్‌కు వేసి తీశారు. నేను రెండు రాత్రులు కూర్చుని మిగతా నాలుగూ చేశాను. షాపావిడ చూసి, "ఏటండీ, గుడ్డ బాగానే ఉంది కదా, ఫొటోలో బూజు పట్టినట్టుందేటి?" అన్నారు. ఆవిడ అన్నది నిజమే.

కారణం చెప్తాను. ఆ మెరూన్ గుడ్డ మీద 0 నుంచి 255 దాకా ఉండే రంగు విలువలు చూస్తే ఎరుపు 110, ఆకుపచ్చ 20, నీలం 35 దగ్గర ఉన్నాయి. ఆకుపచ్చలో మడత వెలుగుకీ నీడకీ తేడా 10 నుంచి 30 వరకే, అంటే ఇరవై మెట్లు. నిమ్మపండు రంగు కావాలంటే ఆ 20ని 220 దాకా లాగాలి. అప్పుడు ఆ కొద్ది మెట్లతో పాటు వాటిలోని నాయిస్, అంటే చుక్కచుక్కల గరుకు కూడా పదకొండు రెట్లు సాగుతుంది. ఆ బూజు అదే. లాగకుండా Lightness పెంచితే తెల్లరంగు కలిసి మడతలు చెరిగిపోతాయి. అద్దకంలోలాగే ఇక్కడా లేత గుడ్డను ముదురు చేయగలం, ముదురు గుడ్డను లేత చేయలేం.

మీ ఫొటో పనికొస్తుందో లేదో నిమిషంలో తెలుసుకోవచ్చు. ఫొటోషాప్‌లో Channels తెరిచి Red, Green, Blue ఒక్కొక్కటే నొక్కి చూడండి. ఏ ఒక్కదానిలో కుర్తీ నల్లటి ముద్దలా కనిపించినా, దాన్నుంచి క్రీమ్ రంగు రాదు. అలాగే మోడల్ గడ్డం కింద, మోచేతి లోపలి వైపు పెద్దది చేసి చూడండి. మెరూన్ గుడ్డ మీద పడిన వెలుగు చర్మానికి ఎరుపు పులుముతుంది. కుర్తీ నిమ్మపండు రంగులోకి మారినా ఆ ఎరుపు అక్కడే ఉండిపోతుంది.

పరిష్కారం, క్రీమ్ కుర్తీ వేసి మళ్లీ తీయడమే. వరండా నీడలో, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, మామూలుకన్నా కొంచెం తక్కువ వెలుగుతో తీయండి. లేత గుడ్డ తెల్లగా మండిపోతే మడతలు అక్కడే పోతాయి. మోడల్ వెళ్లాక, అదే చోట అదే సెట్టింగుతో మిగతా నాలుగు కుర్తీలూ తగిలించి ఒక్కొక్క ఫొటో తీయండి. రంగు వాటినుంచే ఎత్తుకోవాలి, గుర్తున్నంతలో వేయకూడదు.

తర్వాత కుర్తీకి మాస్క్ ఒక్కసారే జాగ్రత్తగా గీసి సేవ్ చేయండి. ప్రతి రంగుకూ ఒక Solid Color లేయర్, దానికి అదే మాస్క్, బ్లెండ్ మోడ్ Multiply. Multiply రెండు విలువలనూ గుణించి 255తో భాగిస్తుంది కాబట్టి, గుడ్డ విలువ 200 ఉన్నచోట 34 వేస్తే 27 అవుతుంది, అంటే కావాల్సినదానికన్నా కొంచెం ముదురు. ఆ కాస్త తేడాను అదే మాస్క్‌తో Curves పెట్టి పైకి లేపండి. ముదురు కుర్తీ అతికించినట్టు కనిపిస్తే, గడ్డం కింద అదే రంగు పది శాతం పులమండి.

పాత ఫొటోను పూర్తిగా వదిలేసే వీలు లేకపోతే ముదురు రంగులు పాత ఫొటో నుంచే చేసుకుని, లేతవి మాత్రం విడిగా తీయండి. అప్పుడు మోడల్ మళ్లీ అదే చోట నిలబడాలి, అందుకే మొదటిరోజే ఆ చోట నేల మీద టేప్ అంటించి ఉంచాలి.

జరీ అంచు రంగును బట్టి మారే డిజైన్ అయితే అంచుకు వేరే మాస్క్ కావాలి. పట్టు, శాటిన్ మెరుపు Multiplyలో చచ్చిపోతుంది, వాటిని విడిగానే తీయండి. కంప్యూటర్‌లో బాగుండి సైట్‌లో మాత్రమే రంగు మారితే, సేవ్ చేసేటప్పుడు Convert to sRGB టిక్ పెట్టండి.