ముఖం మార్చే మోడల్, 5వ పాఠం: తప్పు ఎక్కడుందో ప్రివ్యూలో పట్టుకోవడం

నాలుగో పాఠం చివర ట్రెయినింగ్ మొదలుపెట్టి, ఓ రాత్రంతా నడవనిచ్చి, ప్రివ్యూ బొమ్మ పంపమన్నాను. బొమ్మ పంపినవాళ్లు తక్కువ. ఎక్కువమంది లాస్ అంకె పంపారు. "అన్నా, 0.021 దగ్గర ఆగింది, చాలా?" అని. ఆ అంకె చూసి నేను చెప్పగలిగేది దాదాపు ఏమీ లేదు. ఒక మనిషి ముఖాన్ని అదే మనిషి ముఖంగా తిరిగి గీయడంలో ఎంత తేడా వచ్చిందో లాస్ చెబుతుంది. మనకు కావలసిందేమో మార్పిడి, అంటే ఒకరి చూపు, నోటి కదలికల మీద ఇంకొకరి ముఖం గీయడం. మార్పిడికి సరైన జవాబు బొమ్మ మన దగ్గర ఉండదు, కాబట్టి దానికి లాస్ లెక్కే లేదు. అందుకే లాస్ హాయిగా దిగుతూనే ఉంటుంది, మార్పిడి మాత్రం పాడవుతూ ఉంటుంది.

గీసిన ముఖాన్ని వీడియోలో కలిపే పని ఆరో పాఠానికి వాయిదా వేసి, ఈసారి వచ్చిన ప్రివ్యూల్లో ఒకదాన్ని తీసుకుని చూద్దాం. కదలని చూపు, మసక, రంగు తేడా, ఈ మూడు తప్పులూ అందులోనే ఉన్నాయి.

పంపినది కందుకూరు కుర్రాడు. వాళ్ల నాయన ఒకప్పుడు పద్యనాటకాలు ఆడినాయన, ఇప్పుడు నిలబడి ఆడే ఓపిక లేదు. కొడుకు కొత్తపట్నం బీచ్‌లో సాయంత్రం పూట పద్యం పాడుతూ వీడియో తీసుకున్నాడు. దాని మీద నాయన ముఖం రావాలి. ఆయనే సరదాపడి ఒప్పుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. (ఒప్పుకోని మనిషి ముఖంతో చేసే పనికి నా దగ్గర సాయం అడగొద్దు.) గ్రాఫిక్స్ కార్డు 6 జీబీది, మోడల్ 128 పిక్సెళ్లది, బ్యాచ్ 8, మొత్తం 60,000 స్టెప్పులు. కొడుకు బొమ్మలు ఐదు క్లిప్పుల నుంచి 12,000. నాయనవి ఒకే క్లిప్పు, రెండు నిమిషాలు, సెకనుకు 25 ఫ్రేములు, అంటే 3,000.

ఫిర్యాదు ఇది: "నాయన బొమ్మ నాయనలాగే వస్తోంది, గడ్డం కింద మచ్చ కూడా పడింది. నా వీడియోలో పెడితే మాత్రం కళ్లు ఎటూ తిరగవు, ముఖం మసక, పైగా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఏందన్నా ఇది?"

కళ్ల సంగతి ముందు చూద్దాం, అసలు తగులాటం అక్కడే ఉంది. 60,000 స్టెప్పులు, ఒక్కో స్టెప్పులో ఒక్కో మనిషివి 8 బొమ్మలు, అంటే 4,80,000 సార్లు. దాన్ని కొడుకు 12,000 బొమ్మలకు పంచితే ఒక్కోటి 40 సార్లు వస్తుంది. నాయన 3,000 బొమ్మలకు పంచితే ఒక్కోటి 160 సార్లు. అదీగాక ఆ 3,000 పేరుకే 3,000. ఆయన కుర్చీలో కూర్చుని, కెమెరా వైపే చూస్తూ, నోరు సగం తెరిచి పద్యం చదివాడు. కిందికి చూసిన ఫ్రేము దాదాపు లేదు. కొడుకు ఇసుక వైపు చూసినప్పుడు, నాయన ముఖాన్ని గీసే భాగమైన డీకోడర్‌కు ఆ చూపు గీయడం తెలియదు, తనకు కంఠతా వచ్చిన చూపే గీస్తుంది. ఓవర్‌ఫిటింగ్ అంటే ఇదే. బొమ్మ చెడిపోయినట్టు కనిపించదు, పైగా ముద్దుగా, స్పష్టంగా ఉంటుంది. కాకపోతే కొడుకు ఏం చేస్తున్నాడో దానికి పట్టదు.

ఇక్కడ నాకు ఒళ్లు మండే పని ఒకటుంది, దాదాపు అందరూ అదే చేశారు. "నేను 10 శాతం బొమ్మలు పక్కన పెట్టి పరీక్షించాను, వాటి మీదా బాగానే వచ్చింది, కాబట్టి ఓవర్‌ఫిట్ కాలేదు" అంటారు. ఎలా పక్కన పెట్టారయ్యా అంటే, ఫోల్డర్‌లోంచి ర్యాండమ్‌గా తీసి. సెకనుకు 25 ఫ్రేములంటే ఒక ఫ్రేముకూ పక్క ఫ్రేముకూ మధ్య 40 మిల్లీసెకన్లు. అంతలో ఏ మనిషి ముఖమైనా ఎంత మారుతుంది? మీరు 1,500వ ఫ్రేమును పక్కన పెట్టినా 1,499, 1,501 ట్రెయినింగ్‌లోనే ఉన్నాయి. అది ప్రశ్నపత్రం ముందురోజే చేతికిచ్చి పరీక్ష పెట్టడం. కంఠతా పట్టిన మోడల్ కూడా అందులో పాసవుతుంది. 10 శాతం బదులు 30 శాతం తీసినా అంతే, ర్యాండమ్‌గా తీసినంతకాలం అంతే. ఫోల్డర్‌ను ముందు షఫుల్ చేసి ఆ తర్వాత విడదీసినవాళ్లూ ఉన్నారు, అదీ ఇదే తప్పు.

పక్కన పెట్టాల్సింది ఫ్రేముల్ని కాదు, క్లిప్పుని. వేరే రోజు, వేరే చొక్కాతో, వేరే చోట తీసిన క్లిప్పు ఒకటి ట్రెయినింగ్ ఫోల్డర్‌లోకి అసలు రాకూడదు. ఒకే క్లిప్పు ఉంటే చివరి 20 సెకన్లు పరీక్షకు ఉంచి, దానికి ముందున్న 5 సెకన్లను ట్రెయినింగ్‌కూ పరీక్షకూ వాడకుండా పారేయండి. కందుకూరు అబ్బాయికి మిగిలేది 95 సెకన్లు, అంటే 2,375 బొమ్మలు. పోయినవి పోనీయండి, అవి కొత్తగా నేర్పేది ఏమీ లేదు.

ఇప్పుడు నాయన బొమ్మల్ని రెండు గుంపులుగా, ట్రెయినింగ్‌లోవి, పక్కన పెట్టినవి, నాయన డీకోడర్‌తోనే గీయించి పక్కపక్కన పెట్టండి. మొదటి గుంపు స్పష్టంగా ఉండి, రెండో గుంపులో నోరు ఆకారం తప్పినా, కంటిపాప జరిగినా ఓవర్‌ఫిటింగే. రెండూ ఒకేలా మసగ్గా ఉంటే అది కాదు, ఇంకా నేర్చుకోలేదు లేదా నేర్చుకునే చోటు చాలదు. రెండూ బాగుండి మార్పిడి ఒక్కటే పాడైతే కొడుకు పోజులకు సరిపడే పోజులు నాయన దగ్గర లేవన్నమాట. మన కేసులో మొదటిది ఉంది, పోజుల కొరత కూడా దానికి తోడైంది.

మందు ఏమిటంటే స్టెప్పులు పెంచడం మాత్రం కాదు. నాయనను మళ్లీ కూర్చోబెట్టి, కిందికి, పైకి, రెండు పక్కలకు చూపు తిప్పుతూ, నోరు పూర్తిగా తెరుస్తూ మూసేస్తూ తీసిన ఒక నిమిషం, పాత రెండు నిమిషాలకంటే ఎక్కువ పని చేస్తుంది. రెండోది, బొమ్మల్ని కాస్త వంకర తిప్పి ఇచ్చే ర్యాండమ్ వార్ప్. ఇతను "బొమ్మ త్వరగా స్పష్టంగా వస్తుందని" మొదట్లోనే ఆపేశాడు. అది ఆగితే కంఠతా పట్టడం సులువవుతుంది. దాన్ని ఆపాల్సింది చివర్లో కొద్దిసేపే. నా అలవాటు, ప్రతి 5,000 స్టెప్పులకూ ఒక కాపీ దాచుకోవడం. చెడింది అనిపించినప్పుడు వెనక్కి పోతాను. మనవైపు ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి కాపీలు ఎలాగూ కావాలి. కార్డు వేడెక్కి నెమ్మదిస్తే టెన్షన్ పడకండి, ఆలస్యం అవుతుందే తప్ప బొమ్మ మారదు.

ఇక మసక. అతని వీడియో 1080పీ, అందులో ముఖం వెడల్పు 420 పిక్సెళ్లు. మోడల్ ఇచ్చేది 128. మూడు రెట్లకు పైగా సాగదీస్తే ఏ మోడలైనా మసకగానే కనిపిస్తుంది. అందుకే ముందు 128 బొమ్మను సాగదీయకుండా అలాగే చూడండి. అక్కడ కనురెప్పల వెంట్రుకలు గీతలుగా కనిపిస్తే మోడల్‌ది తప్పు కాదు. అక్కడా మసగ్గా ఉంటే నేను మొదట అనుమానించేది ముఖాన్ని సరిచేసి కత్తిరించిన దశను. కళ్ల చోటు ఫ్రేము ఫ్రేముకూ రెండు మూడు పిక్సెళ్లు అటూ ఇటూ అయితే, మోడల్ రెండింటికీ మధ్యలో గీస్తుంది. పిక్సెల్ తేడాను కొలిచే లాస్‌కు సగటు బొమ్మే చవక. కత్తిరించిన ముఖాల్ని వరసగా గబగబా తిప్పి చూడండి, కళ్లు వణికితే మసకకు కారణం దొరికినట్టే.

256కి పోదామంటారు. ఒక పక్క రెట్టింపైతే పిక్సెళ్లు నాలుగు రెట్లు, మెమరీ కూడా ఇంచుమించు అలాగే పెరుగుతుంది. 6 జీబీలో బ్యాచ్ బాగా తగ్గించాల్సి వస్తుంది. నన్నడిగితే 128 లోనే ఉండి, కెమెరాను బాగా వెనక్కి జరిపి, ముఖం 150 పిక్సెళ్లకు వచ్చేలా మళ్లీ తీస్తాను. పద్యం పాడేవాడికి చేతులూ కనిపించాలి కదా.

రంగు తేలిక. ముఖం నీలంగా వస్తే చానెళ్లు తారుమారయ్యాయి, ఓపెన్‌సీవీ బొమ్మను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో చదువుతుంది. దాని గురించి ఇంతకుమించి రాయను. ఇతనిది ఆ తప్పు కాదు. నాయన ఎల్‌ఈడీ ట్యూబులైటు కింద కూర్చున్నాడు, కొడుకు సాయంత్రపు ఎండలో నిలబడ్డాడు. నాయన డీకోడర్ ముఖంతో పాటు ట్యూబులైటునూ నేర్చుకుంది. ఊహించడమెందుకు, చర్మం ఉన్నచోటే తెల్లగా ఉండే మాస్కు బొమ్మ పెట్టుకుని కొలవండి:

```python
import cv2

def skin_mean(img, mask):
    lab = cv2.cvtColor(cv2.imread(img), cv2.COLOR_BGR2LAB)
    m = cv2.imread(mask, 0)
    return lab[m > 127].mean(axis=0)
```

వరసగా మూడు అంకెలొస్తాయి: వెలుతురు, ఎరుపు-ఆకుపచ్చ, పసుపు-నీలం. చివరి రెండింటికీ 128 నడిమి, పైకి పోతే ఎరుపు, పసుపు. కొడుకు సగటు 128, 146, 158 వచ్చింది, నాయనది 150, 139, 141. పసుపులోనే 17 తేడా. బీచ్ ఫ్రేములో సున్నంలా కనిపించడానికి ఇదే కారణం.

నాయన ట్రెయినింగ్ బొమ్మల చర్మం సగటునూ, విస్తృతినీ కొడుకు వాటికి సరిపోల్చి రంగు మార్చి, ఆ బొమ్మలతో ట్రెయినింగ్ కొనసాగిస్తే ఇది చాలావరకు పోతుంది. మాస్కు లేకుండా చేస్తే సముద్రం, గోడ కూడా సగటులో కలిసి చర్మం ఇంకో రంగుకు పోతుంది. సగం ముఖం నీడలో ఉన్న బొమ్మలకు ఈ పద్ధతి పని చేయదు, నీడ పక్క బూడిదలా మిగులుతుంది. వాటిని తీసేయండి, లేదా ఆయన్ను సాయంత్రం పూట వాకిట్లో కూర్చోబెట్టండి. నేనైతే రెండోదే చేస్తాను.

ఈసారి అభ్యాసం కాస్త బరువైనదే. పక్కన పెట్టిన క్లిప్పు నుంచి 12 ఫ్రేములు ఎంచండి, ఒక్కోదానిలో చూపో నోరో వేరుగా ఉండాలి. మీ మోడల్ 10,000, 20,000, 40,000 స్టెప్పుల కాపీలతో ఆ 12 గీయించి ఒకే బొమ్మగా పేర్చండి. కొడుకు ఫ్రేములు మరో 12 తీసుకుని మార్పిడితో కూడా అదే చేయండి. ఏ కాపీ దగ్గర చూపు తప్పడం మొదలైందో ఆ గడి చుట్టూ గీత గీసి పంపండి. లాస్ అంకె రాయకండి.