లిమిట్ లోపు క్లెయిమ్‌లకు ఆటో అప్రూవల్: బిల్లులన్నీ గీత కిందే పోగవుతుంటే

చిన్న ఖర్చుల క్లెయిమ్‌లను మేనేజర్ చూడకుండానే పాస్ చేసి, తర్వాత కొన్నిటిని మనిషి చేత తనిఖీ చేయించే పద్ధతి చాలా ఆఫీసుల్లో ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం: ఫీల్డ్ సిబ్బంది నుంచి నెలకు 600 క్లెయిమ్‌లు వస్తాయి, ఆటో అప్రూవల్ లిమిట్ ₹1,000.

సమస్య 1: ₹900–1,000 మధ్య క్లెయిమ్‌లు విపరీతంగా ఉన్నాయి

ముందు ఇది నిజమో కాదో లెక్క తీయండి. షీట్‌లో A ఉద్యోగి కోడ్, B బిల్లు తేదీ, C మొత్తం అనుకుంటే:

```
=COUNTIFS(C:C,">900",C:C,"<=1000")
=COUNTIFS(C:C,">1000",C:C,"<=1100")
```

మామూలుగా మొత్తం పెరిగేకొద్దీ బిల్లుల సంఖ్య మెల్లగా తగ్గుతూ పోతుంది. మొదటిది 90, రెండోది 4 వచ్చిందంటే, లిమిట్ చూసుకునే క్లెయిమ్ రాస్తున్నారన్నమాట.

అయితే వెంటనే ఎవరినీ అనుమానించవద్దు. అందరూ దిగే లాడ్జి అద్దె ₹950 అయినా ఇలాగే కనిపిస్తుంది. అప్పుడు ఒకే లాడ్జి, ఒకే మొత్తం, వేర్వేరు తేదీలు ఉంటాయి. బిల్లును ముక్కలు చేస్తే మాత్రం ఒకే షాపు, ఒకే తేదీ, 412, 413 లాంటి వరుస బిల్లు నంబర్లు కనిపిస్తాయి. ₹1,900 భోజనం ₹980, ₹920గా మారుతుంది.

అసలు కారణం చాలాసార్లు దొంగబుద్ధి కాదు. ₹1,000 దాటిన క్లెయిమ్ మేనేజర్ దగ్గర మూడు వారాలు ఆగి, దాటనిది రెండు రోజుల్లో ఖాతాలో పడుతుంటే, సొంత డబ్బు పెట్టుకున్న మనిషి బిల్లు విడగొట్టక ఏం చేస్తాడు? అందుకే మొదటి మందు లిమిట్ పైన ఉన్న క్యూకి వేయాలి. మేనేజర్ ఐదు పనిదినాల్లో తేల్చకపోతే క్లెయిమ్ పై అధికారికి వెళ్లేలా పెట్టండి.

రెండోది, లిమిట్‌ను ఒక్కో బిల్లుకే కాకుండా మనిషి మొత్తానికీ పెట్టండి. ఏడు రోజుల మొత్తం ఇలా వస్తుంది:

```
=SUMIFS(C:C,A:A,A2,B:B,">"&B2-7,B:B,"<="&B2)
```

ఇది ₹2,500 దాటితే ఆ క్లెయిమ్ మేనేజర్‌కి వెళ్లాలి. ఆ అంకె మీ వాళ్ల మామూలు టూర్ వారం ఖర్చును బట్టి పెట్టుకోండి. మరీ తక్కువైతే అన్నీ మళ్లీ క్యూలోకే చేరతాయి. B గడిలో క్లెయిమ్ పంపిన తేదీ కాదు, బిల్లు తేదీ ఉండాలి. లేకపోతే నెల బిల్లులన్నీ ఒకేసారి పంపేవాళ్లు అన్యాయంగా ఇరుక్కుంటారు.

రెండు నెలల తర్వాత మళ్లీ లెక్క చూడండి. చిన్న క్లెయిమ్‌లు తగ్గి, ₹1,000 పైవి పెరిగి, మొత్తం ఖర్చు దాదాపు అంతే ఉంటే సమస్య విడగొట్టడమే. మొత్తం ఖర్చు కూడా బాగా పడిపోయి, పనిలో మార్పేమీ లేకపోతే, జరగని ఖర్చుకు బిల్లులు వచ్చి ఉండవచ్చు. పాత బిల్లులు తీసి చూడాల్సిందే.

సమస్య 2: తనిఖీలో ఎప్పుడూ ఏమీ దొరకడం లేదు

దీన్ని శుభవార్త అనుకోకండి. 600లో 30 తప్పుడు క్లెయిమ్‌లు ఉన్నాయనుకుందాం. 20 మాత్రమే చూస్తే, ఒక్కటీ దొరకని అవకాశం సుమారు 35 శాతం. 60 చూస్తే అది 4 శాతం దగ్గరికి దిగుతుంది. అంటే శాంపిల్ చిన్నదైతే "అంతా బాగుంది" అన్న మాటకు బలం లేదు.

ఇంకో కారణం, శాంపిల్‌ను మనిషి తన కంటితో ఏరడం. ఫొటో స్పష్టంగా ఉన్నవి, లిస్టులో పైనున్నవి చేతికి ముందు వస్తాయి. ఖాళీ కాలమ్‌లో `=RAND()` పెట్టి, దాన్ని కాపీ చేసి విలువలుగా అతికించి, ఆ కాలమ్ ప్రకారం సార్ట్ చేసి మొదటి 60 తీసుకోండి. విలువలుగా అతికించకపోతే షీట్ కదిలినప్పుడల్లా అంకెలు మారిపోయి, ఎవరి క్లెయిమ్ ఎందుకు వచ్చిందో తర్వాత చూపించలేరు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మరొకటి: బిల్లు దొరకలేదని ఆ క్లెయిమ్ వదిలేసి పక్కదాన్ని చూడడం. తప్పు ఎక్కువగా దాక్కునేది అక్కడే. శాంపిల్‌లో పడిన క్లెయిమ్‌కు బిల్లు చూపించలేకపోతే దాన్ని "ఫెయిల్" అనే రాయాలి. తనిఖీ అంటే బిల్లు ఉందా అని చూడడమే కాదు. బిల్లు తేదీని టూర్ ప్రోగ్రామ్‌తో, మొత్తాన్ని యూపీఐ చెల్లింపుతో పోల్చాలి. అదే క్యాబ్ బిల్లును ఇద్దరు పెట్టారా అన్నదీ చూడాలి.

సమస్య 3: తప్పు దొరికింది, డబ్బు వెనక్కి రావడం లేదు

డబ్బు ముందే వెళ్లిపోయింది కాబట్టి నియమం కూడా ముందే రాసి ఉండాలి: తనిఖీలో నిలవని మొత్తాన్ని తర్వాతి క్లెయిమ్‌లో సర్దుతామని, అసలు బిల్లులు ఆరు నెలలు దాచాలని. ముందు ఉద్యోగికి వివరణ ఇచ్చే అవకాశం ఇవ్వండి. తప్పని తేలితే అతని క్లెయిమ్‌లకు మూడు నెలలు ఆటో అప్రూవల్ ఆపితే సరిపోతుంది. మిగతావాళ్లందరికీ లిమిట్ తగ్గించవద్దు. అలా చేస్తే బిల్లులు కొత్త గీత కింద పోగవుతాయి.