భార్యాభర్తలు కలిసి ఏడాదిలో అప్పులు తీర్చి, అత్యవసర నిధి కూడబెట్టడం ఎలా?

ముందుగా ఇద్దరూ ఒక సాయంత్రం కూర్చుని, ఉన్న అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయాలి. డ్వాక్రా రుణం, పాడుకున్న చీటీ, అన్నదమ్ముల దగ్గర తీసుకున్న చేబదులు కూడా అందులో ఉండాలి; రెండో వారికి తెలియని అప్పు ఒక్కటి మిగిలినా లెక్క మూడో నెలకే తప్పుతుంది. ప్రతి అప్పు పక్కన నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీయో రాస్తే, ఏది ముందు తీర్చాలో కాగితమే చెబుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరి జీతాలు కలిపి 68,000, ఇంటి ఖర్చు 44,000, మిగులు 24,000 రూపాయలు. క్రెడిట్ కార్డు బాకీ 60,000. దానికి మూడున్నర రూపాయల వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే నాలుగు రూపాయలు దాటుతుంది. ప్రామిసరీ నోటు అప్పు 50,000, రెండు రూపాయల వడ్డీ. బంగారం మీద అప్పు 80,000, రూపాయి వడ్డీ.

మొదటి నెలలోనే 10,000 రూపాయలు పక్కన పెట్టాలి. అప్పులుండగా దాచుకోవడమేమిటని అనిపించవచ్చు కానీ, ఆ కాస్త సొమ్ము లేకపోతే బండి మరమ్మతు వచ్చినా మళ్ళీ కార్డే గీయవలసి వస్తుంది. మిగతా రెండు అప్పులకు వడ్డీ మాత్రం కడుతూ, మిగిలినదంతా కార్డుకు కడితే నాలుగో నెలలో అది తీరుతుంది. అప్పటిదాకా కార్డు వాడకూడదు. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోలుకు వడ్డీ లేని గడువు వర్తించదు. కట్టిన దానికి తగ్గట్టు బాకీ తగ్గడం లేదంటే, ఇద్దరిలో ఎవరో ఇంకా వాడుతున్నారన్నమాట.

తరువాత నోటు అప్పు ఆరో నెలలో తీరుతుంది. ప్రతిసారీ నోటు వెనుక చెల్లు రాయించుకోవాలి, చివర్లో నోటు వెనక్కి తీసుకోవాలి. బంధువుల దగ్గరైతే మొహమాటం అడ్డొచ్చేది ఇక్కడే. బంగారం అప్పు పదో నెల మొదట్లో తీరుతుంది, అయితే దాని గడువు అంతకంటే ముందే ముగుస్తుంటే వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి.

చివరి మూడు నెలల మిగులు 70,500 రూపాయలకు మొదటి 10,000 చేరి 80,500 అవుతుంది. ఇది రెండు నెలల ఖర్చుకు కొంచెం తక్కువే. జూన్‌లో పిల్లల ఫీజులకు ఒక నెల మిగులు పోతే 56,500 దగ్గర ఆగుతుంది. ఈ సొమ్మును, ఇద్దరిలో ఎవరైనా తీసుకోగల ఉమ్మడి ఖాతాలో, యూపీఐకి జోడించకుండా ఉంచాలి.