షార్ట్ ఫిల్మ్‌కి వెతికితే దొరికే పేరు పెట్టడం ఎలా?

నా మొదటి షార్ట్ ఫిల్మ్ పేరు ‘మౌనం’. యూట్యూబ్‌లో పెట్టిన రోజు సాయంత్రం బాబాయ్ ఫోన్ చేశాడు. “ఏదిరా నీ సినిమా? కళ్లు మూసుకుని కూర్చున్న స్వామీజీలు తప్ప ఇంకెవరూ కనబడట్లేదు.” ఆయన Mownam అని కొట్టాడు. నేను పోస్టర్ మీద Mounam అని వేశాను. పెద్దమ్మ కొడుకేమో Maunam అని వెతికాడట.

ఆ తర్వాత స్నేహితుల సినిమాలకు చాలా పేర్లు పెట్టాను. పోస్టర్ చేసేవాడు “అన్నా, టైటిల్ చెప్పు” అని అడిగేదాకా ఎవరూ ఆలోచించరు. షూటింగ్‌కి ముందే తేల్చుకోండి. ఒక కాగితం, ఫోను, మొహమాటం లేని ఐదుగురు మనుషులు ఉంటే చాలు.

ముందు, కథలో చేత్తో పట్టుకోగలిగే వస్తువులు, జనం నోట వచ్చే మాటలు కాగితం మీద రాయండి. ఈమధ్య ఒక రిటైరైన ఆర్టీసీ కండక్టర్ కథకి ఇలాగే చేశాం. ఒకప్పుడు చిల్లర లేకపోతే కండక్టర్ ఇవ్వాల్సిన డబ్బు టికెట్ వెనక రాసి, దిగేటప్పుడు తీసుకోమనేవాడు. అలా ఇవ్వకుండా మిగిలిపోయిన ఏడు రూపాయల కోసం ఈ పెద్దాయన పాత ప్రయాణికురాలిని వెతుక్కుంటూ వెళ్తాడు.

దర్శకుడు ‘గమ్యం’ అన్నాడు. 2008లో క్రిష్ తీసిన సినిమా పేరది. దాని పాటలూ సీన్లూ దాటుకుని పద్నాలుగు నిమిషాల మన సినిమా దాకా ఎవరొస్తారు? ‘బాకీ’ అంటే అప్పులవాళ్ల గొడవలా ఉంది. ‘చిల్లర లేదు’ బాగుంది కానీ కామెడీ అనుకుంటారు. చివరికి ‘టికెట్ వెనక చిల్లర’ దగ్గర ఆగాం. ఆ రోజుల్లో బస్సెక్కినవాళ్లకి ఆ మాట వినగానే ఊదారంగు సిరాతో రాసిన అంకె కళ్ల ముందుకొస్తుంది. భావాలకు పేరుపెట్టే మాటలు, అంటే ప్రేమ, నిరీక్షణ, అన్వేషణ లాంటివి, టైటిల్‌గా వద్దే వద్దు. మూడు మాటలు దాటొద్దు. ఒకే ఒక్క మాటతో ఉన్న పేరూ వద్దు.

ఇప్పుడు అందరూ చెడగొట్టే చోటికి వద్దాం. మనవాళ్లలో చాలామంది తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. ఆ అక్షరాలకి మనకి ఒక లెక్క లేదు. ‘త’కి ఒకరు t, ఒకరు th. దీర్ఘానికి ఒకరు a, ఒకరు aa. ‘తోడు’ని Thodu అంటారు, Todu అంటారు. ‘గాథ’ని Gadha అని రాస్తే హిందీ వచ్చినవాడికి గాడిద కనబడుతుంది.

అందుకని పేరుని ఫోన్‌లో నోటితో చెప్పండి. వాట్సాప్‌లో రాసి పంపితే పరీక్ష అక్కడే పోయింది, ఎందుకంటే మీ స్పెల్లింగే వాళ్లు కాపీ కొడతారు. వేర్వేరు వయసుల ఐదుగురికి చెప్పి, వెతికే పెట్టెలో ఏం కొట్టారో స్క్రీన్‌షాట్ పంపమనండి. “ఏమన్నావ్?” అని ఎవరైనా రెండోసారి అడిగితే అదీ రాసిపెట్టుకోండి. ‘వెనక’ దగ్గర మాకు Venaka, Venuka, Venakala మూడూ వచ్చాయి. Ticket మాత్రం ఐదుగురూ ఒకేలా కొట్టారు, Chillara నలుగురు. నా నియమం ఇది: పేరులో రెండు మాటలైనా కనీసం నలుగురి చేతిలో ఒకేలా రావాలి. మూడోది అటూఇటూ అయినా ఫర్వాలేదు. రెండు మాటలైనా అలా రాకపోతే పేరు ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. స్టైల్ కోసం Chhillaraa అని అక్షరాలు పెంచేవాళ్లతో నాకు మాటల్లేవు.

ఆ రెండు మాటలూ కలిపి యూట్యూబ్‌లో ఇన్‌కాగ్నిటోలో వెతకండి. మామూలుగా వెతికితే మీరు ఇదివరకు చూసినవాటిని బట్టి ఫలితాలు మారతాయి. మొదటి స్క్రీన్‌లో పెద్ద సినిమా గానీ, పాట గానీ ఉంటే మళ్లీ కాగితం దగ్గరికే. మ్యూజిక్ ఆల్బమ్ అయితే ఈ పని ఇంకా ముందే చేయాలి. యూట్యూబ్ టైటిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మ్యూజిక్ యాప్‌లన్నిటికీ వెళ్లిపోయిన పేరు మార్చాలంటే తలనొప్పి.

అప్‌లోడ్ చేసేటప్పుడు టైటిల్‌కి వంద అక్షరాలే ఇస్తారు. ఫోన్‌లో చివరి భాగం కనబడకపోవచ్చు, కాబట్టి పేరు ముందుండాలి, బ్యానర్ పేరు కాదు:

```
Ticket Venaka Chillara | టికెట్ వెనక చిల్లర | Telugu Short Film
```

తప్పు స్పెల్లింగులు ట్యాగుల్లో పెట్టండి. జనం తరచూ తప్పుగా కొట్టే మాటలకి తప్ప ట్యాగుల వల్ల పెద్ద లాభం లేదని యూట్యూబే చెబుతోంది. కాబట్టి అక్కడ హీరోల పేర్లు కుక్కకండి, Venuka, Venakala వేయండి.

విడుదలయ్యాక బాబాయ్‌కి ఫోన్ చేసి పేరు చెప్పాను. ‘వెనక’ మరిచిపోయి Ticket chillara అని కొట్టాడట. రెండో వీడియో మాదే.